లోడు లేకుండానే కరెంటు: పారలల్ ట్రాన్స్‌ఫార్మర్లలో తేడా ఎక్కడుందో పట్టుకోవడం

సమస్య

ఒకే బస్‌బార్ మీద పారలల్‌గా నడుస్తున్న రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. రెండూ 1000 కేవీఏ, 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించేవి. నేమ్‌ప్లేటు మీద రెండింటి ఇంపీడెన్సూ 5 శాతమే. ఫీడర్లన్నీ కలిపి 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో 2133 ఆంపియర్లు తీసుకుంటున్నాయి. సమంగా పంచుకుంటే ఒక్కోదాని వాటా 1067 ఆంపియర్లు. కానీ ఒకదాని ఇన్‌కమర్ మీద 907, రెండోదాని మీద 1294 కనిపిస్తున్నాయి. పూర్తి లోడు కరెంటు 1333 ఆంపియర్లు కనుక రెండోది దాదాపు అంచున ఉంది. ఆయిలు ఉష్ణోగ్రత పెరుగుతున్నదీ దానిలోనే.

ఇక్కడ ఒక వింత ఉంది. రెండు ఇన్‌కమర్ల రీడింగులు కూడితే 2201 వస్తుంది. ఫీడర్లకు వెళ్తున్నది 2133 మాత్రమే. ఇది చూడగానే చాలామంది మీటరునో సీటీనో అనుమానిస్తారు, మార్చేస్తారు కూడా. మీటర్లలో లోపం లేదు. రెండు కరెంట్ల మధ్య ఫేజు కోణంలో తేడా ఉన్నప్పుడు వాటిని మామూలు అంకెల్లా కూడితే మొత్తం ఎక్కువే వస్తుంది. ఆ 68 ఆంపియర్ల మిగులు మనకు దొరికిన మొదటి ఆధారం.

ముందు లోడు తీసి చూడండి

వాటాలు సమంగా లేకపోవడానికి ప్రధానంగా రెండు కారణాలుంటాయి. చుట్ల నిష్పత్తిలో తేడా ఒకటి, ఇంపీడెన్సులో తేడా ఇంకొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ పరిష్కారాలు వేరు. వాటిని విడదీయడానికి అన్నిటికంటే సులువైన పరీక్ష లోడు తీసేయడం.

రెండు ఇన్‌కమర్లను కలిపే ఉంచి, బయటికి వెళ్లే ఫీడర్లన్నీ తెరవండి. కెపాసిటర్ బ్యాంకును కూడా ఆపాలి. దాన్ని మరిచిపోతే అది తీసుకునే కరెంటును చూసి సర్క్యులేటింగ్ కరెంటని పొరబడతారు. ఇప్పుడు ఇన్‌కమర్ కరెంట్లు చూడండి. రెండూ సున్నాకు దగ్గరగా ఉంటే నిష్పత్తులు సరిపోయాయి, తేడా ఇంపీడెన్సులో ఉంది. ఇంపీడెన్సులు ఎంత వేరుగా ఉన్నా, నిష్పత్తి ఒకటే అయినప్పుడు లోడు లేకుండా తిరిగే కరెంటు ఉండదు.

మన ఉదాహరణలో రెండు మీటర్లూ 330 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూగా చూపించాయి. బస్‌బార్ నుంచి ఒక్క ఆంపియరూ బయటికి పోవడం లేదు. ఒకదాని నుంచి వస్తున్నది రెండోదానిలోకి పోతోంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ రియాక్టివ్ పవర్ ఇస్తుంటే మరొకటి తీసుకుంటోంది, కిలోవాట్లు మాత్రం దాదాపు లేవు.

ఫీడర్లు తెరిచే వీలు లేనిచోట లోడు మారేటప్పుడు గమనించండి. లోడు సగానికి తగ్గితే రెండింటి మధ్య తేడా కూడా సగమైతే ఇంపీడెన్సును అనుమానించాలి. లోడు ఎంత తగ్గినా తిరిగే కరెంటు తగ్గకపోతే, తక్కువ లోడు వేళ వాటాలు ఇంకా వికారంగా కనిపిస్తే, నిష్పత్తిలో తేడా ఉన్నట్టే.

కారణం: ఒకే నంబరు, వేరే ట్యాపు

రెండింటి ట్యాపు హ్యాండిలూ 3 దగ్గరే ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నేమ్‌ప్లేటులోని ట్యాపు పట్టిక చదివితే సంగతి బయటపడింది. మొదటిదానిలో 3 అంటే 11000 వోల్టులు. రెండోదానిలో ట్యాపులు 11275 నుంచి మొదలవుతాయి కనుక 3 అంటే 10725. హెచ్‌టీ వైపు చుట్లు తక్కువైతే ఎల్‌టీ వోల్టేజి పెరుగుతుంది. అంటే రెండోది దాదాపు 2.5 శాతం ఎక్కువ వోల్టేజి ఇస్తోంది.

```
Ic (%) = ΔV (%) / (Z1 (%) + Z2 (%)) × 100
2.5 / (5 + 5) × 100 = 25%
1333 × 0.25 = 333 A
```

వోల్టేజి తేడా చూస్తే చిన్నదే. దాన్ని అడ్డుకునేది రెండు ఇంపీడెన్సులే, అవి కలిపి 10 శాతమే కనుక కరెంటు పెద్దదవుతుంది. లెక్కలోని 333, మీటరులోని 330 కలిశాయి. లోడు ఉన్నప్పటి అంకెలు కూడా ఇందులోంచే వస్తాయి. 1067 ఆంపియర్లలో యాక్టివ్ భాగం 853, రియాక్టివ్ భాగం 640. తిరిగే కరెంటు దాదాపు రియాక్టివే కనుక, రెండోదానిలో 640కి 333 కలిసి మొత్తం 1294 అవుతుంది. మొదటిదానిలో అంతే తగ్గి 907 మిగులుతుంది.

పరిష్కారం

రెండోదాని ట్యాపును 2కు, అంటే 11000కు, మార్చాలి. ఇది ఆఫ్ సర్క్యూట్ ట్యాపు స్విచ్ అయితే హెచ్‌టీ, ఎల్‌టీ రెండు వైపులా తెరిచి, ఎర్త్ చేసిన తరువాతే హ్యాండిల్ తిప్పాలి. ఎల్‌టీ వైపు బస్‌బార్‌కు కలిసే ఉంటే హెచ్‌టీ తెరిచినా వైండింగ్‌లో వోల్టేజి ఉంటుందన్నది మరవకూడదు. ఏళ్లుగా కదలని స్విచ్ అయితే కాంటాక్టులు శుభ్రపడేలా కొన్నిసార్లు అటూ ఇటూ తిప్పి, మూడు ఫేజుల వైండింగ్ రెసిస్టెన్సూ నిష్పత్తీ కొలిచాకే సర్వీసులోకి తేవాలి.

మళ్లీ పారలల్ చేసే ముందు, తెరిచి ఉన్న ఇన్‌కమర్ బ్రేకర్ రెండు వైపుల మధ్య, ఒకే ఫేజు మీద వోల్టేజి కొలవండి. రెండు న్యూట్రళ్లూ కలిసి ఉంటేనే ఈ రీడింగును నమ్మాలి. ట్యాపు తప్పుగా ఉన్నప్పుడు ఇది 6 వోల్టుల దగ్గర ఉండేది, సరిచేశాక ఒకటి రెండు వోల్టులకు దిగాలి. వంద దాటి వస్తే అది ట్యాపు సమస్య కాదు. వెక్టర్ గ్రూపో ఫేజు క్రమమో తప్పింది, బ్రేకర్ వేయకూడదు. ఇది లైవ్ ప్యానెల్‌లో చేసే కొలత, చేతికి గ్లోవ్స్, ఆ చోటుకు తగిన కేటగిరీ మీటరు తప్పనిసరి.

ఇంపీడెన్సే వేరైతే

4 శాతం, 6 శాతం ఉన్న రెండు 1000 కేవీఏలను కలిపితే లోడు 60:40గా పంచుకుంటాయి. తక్కువ ఇంపీడెన్సు ఉన్నదే ఎక్కువ మోస్తుంది. మొత్తం లోడు 1667 కేవీఏ చేరేసరికి అది నిండిపోతుంది, రెండోదానిలో ఇంకా మూడోవంతు ఖాళీ ఉంటుంది.

దీన్ని ట్యాపుతో సరిచేయాలని కొందరు చూస్తారు. నా అభిప్రాయంలో ఇది చెడ్డ అలవాటు. ట్యాపు ప్రధానంగా రియాక్టివ్ వాటాను కదుపుతుంది, కిలోవాట్ల వాటా ఇంపీడెన్సు చెప్పినట్టే ఉంటుంది. ఒక లోడు దగ్గర అంకెలు కుదిరినట్టు కనిపించినా, లోడు తగ్గిన రాత్రి తిరిగే కరెంటు మిగులుతుంది. మొత్తం లోడును 1667 దాటకుండా చూడడం, లేదా బస్ కప్లర్ తెరిచి లోడును రెండుగా విడగొట్టడం నిజమైన దారులు. తక్కువ ఇంపీడెన్సు ఉన్నదానికి సిరీస్ రియాక్టర్ పెట్టవచ్చు. 2 శాతం కలపాలంటే ఎల్‌టీ వైపు ఫేజుకు 3.75 మిల్లీఓమ్‌లు కావాలి.

ట్యాపు సరిచేశాక కూడా 60 ఆంపియర్ల వరకు తిరుగుతుంటే కంగారు పడనక్కర్లేదు. తయారీలో నిష్పత్తికి 0.5 శాతం వరకు అటూ ఇటూ అనుమతి ఉంటుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే ఈ ఇంపీడెన్సుల దగ్గర 133 ఆంపియర్ల దాకా రావచ్చు. 60 ఆంపియర్లంటే పూర్తి లోడులో 4.5 శాతం, దానివల్ల వచ్చే కాపర్ లాస్ పూర్తి లోడు లాస్‌లో 0.2 శాతం.