అడ్వైజర్‌ను కలిసే ముందు – 3వ పాఠం: ఒక కోర్సు, రెండు గడువులు, ఒక కాగితం

మొదటి పాఠంలో మీ డిగ్రీకి కావలసిన కోర్సుల పట్టికను దించుకున్నారు. రెండో పాఠంలో యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్‌లోని గడువులను మీ సొంత క్యాలెండర్‌లోకి ఎక్కించారు. ఆ రెండూ పక్కన పెట్టుకుని కూర్చోండి. అడ్వైజర్ ముందు పెట్టే ఒక పేజీని ఈరోజు తయారుచేద్దాం.

ఒక పేజీయే ఎందుకంటే, సమావేశం తరచూ అరగంట కూడా ఉండదు. "నాకేమీ అర్థం కావడం లేదు, ఏ కోర్సులు తీసుకోవాలి?" అని మొదలుపెడితే మీరెవరో, ఏం చదువుతున్నారో తెలుసుకోవడానికే సగం సమయం పోతుంది. మిగిలిన సగంలో అందరికీ చెప్పే సలహాయే మీకూ వస్తుంది. అది అడ్వైజర్ తప్పు కాదు. ప్రశ్న ఎంత నిర్దిష్టంగా ఉంటే జవాబూ అంతే నిర్దిష్టంగా ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాఠం కోసం నేను కల్పించినదే అయినా, ఇలాంటి చిక్కు మొదటి ఏడాదిలో చాలామందికి వస్తుంది. మొదటి సెమిస్టర్‌లో ఒక విద్యార్థిని 16 క్రెడిట్లు చదువుతోంది. అందులో గణితం-1కు 4 క్రెడిట్లు. మధ్యంతర పరీక్షలో ఆమెకు 100కు 38 వచ్చాయి. కోర్సు నుంచి విత్‌డ్రా కావడానికి ఇంకా తొమ్మిది రోజులే గడువుంది. కొనసాగాలా, వదిలేయాలా?

ఇక్కడ గడువు అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. కోర్సు వదలడానికి సాధారణంగా రెండు తేదీలు ఉంటాయి. సెమిస్టర్ మొదలైన కొద్ది రోజులకే ముగిసేది డ్రాప్ గడువు. ఆ లోపల వదిలితే ఆ కోర్సు మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించదు. సెమిస్టర్ నడిమి దాటాక వచ్చేది విత్‌డ్రా గడువు. అప్పుడు వదిలితే గ్రేడు బదులు, విత్‌డ్రా అయినట్టు ఒక గుర్తు పడుతుంది. సగటు మార్కులు దెబ్బతినవు, కానీ ఫీజు చాలాచోట్ల తిరిగి రాదు. రెండో గడువును చూసి మొదటిదని భ్రమపడేవారు తక్కువేమీ కాదు. మన విద్యార్థిని విషయంలో మొదటిది ఎప్పుడో దాటిపోయింది.

ఇక లెక్క. సిలబస్ ప్రకారం అసైన్‌మెంట్లకు 30 శాతం, మధ్యంతర పరీక్షకు 30 శాతం, చివరి పరీక్షకు 40 శాతం. అసైన్‌మెంట్లలో ఆమె సగటు 70, అదే నిలబడితే 21 మార్కులు. మధ్యంతర పరీక్షలోని 38కి 11.4. మొత్తం 32.4 చేతిలో ఉన్నట్టు. ఉత్తీర్ణతకు 50 కావాలి, అంటే చివరి పరీక్షలోని 40లో 17.6 రావాలి. నూటికి 44 అన్నమాట. కష్టపడితే అందేదే.

చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. ఆ పని చేయకండి. గణితం-1 తరువాత గణితం-2 ఉంది, దానికి గణితం-1 ప్రీరిక్విజిట్, అంటే ముందుగా పూర్తి చేసి తీరవలసిన కోర్సు. కోర్సు వివరాల్లో ఆ పక్కనే చిన్న షరతు రాసి ఉంది: కనీసం 60 మార్కులు. అంతవరకు చేరాలంటే చివరి పరీక్షలో 40కి 27.6, అంటే నూటికి 69 రావాలి. 38 తెచ్చుకున్న విద్యార్థిని 69 తెచ్చుకోవాలి. ఇది వేరే కథ.

ఇప్పుడు 50కీ 60కీ మధ్య ఉన్న చోటును చూడండి. అక్కడ పడితే కోర్సు పాసైనట్టే, కానీ గణితం-2 తలుపు తెరుచుకోదు. పైగా ఒకసారి పాసైన కోర్సును మళ్ళీ తీసుకోవడానికి కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, లేదా ప్రత్యేక అనుమతి అడుగుతాయి. నా లెక్కలో విత్‌డ్రా కావడం కంటే, కొన్నిసార్లు ఫెయిల్ కావడం కంటే కూడా ఇదే ఎక్కువ చిక్కు. ఆమె అడ్వైజర్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న ఇక్కడి నుంచి పుట్టింది: "నాకు 55 వస్తే ఈ కోర్సును మళ్ళీ తీసుకోవచ్చా? తీసుకుంటే రెండింటిలో ఏ గ్రేడును లెక్కిస్తారు?"

రెండో ప్రశ్న గొలుసు నుంచి వస్తుంది. గణితం-2, దాని తరువాత సంభావ్యతా శాస్త్రం, ఆ తరువాత ఆమె కోరుకునే డేటా కోర్సు. ఒకదాని తోక ఇంకొకదానికి కట్టి ఉంది. గణితం-1 రెండు సెమిస్టర్లలోనూ ఉంటుంది, గణితం-2 మాత్రం ప్రతి ఏడాదీ రెండో సెమిస్టర్‌లోనే. ఇప్పుడు వదిలి రెండో సెమిస్టర్‌లో గణితం-1 మళ్ళీ చదివితే, గణితం-2 నాలుగో సెమిస్టర్‌కు జరుగుతుంది. జారింది ఒక్క సెమిస్టరే అయినా గొలుసు ఏడాది వెనక్కి వెళ్ళింది. ఐచ్ఛిక కోర్సులకు ఈ బాధ లేదు, వాటిని ఎప్పుడైనా సర్దుకోవచ్చు. అందుకే నాలుగేళ్ళ పట్టిక అంతా పేజీలో రాయకండి, గొలుసు ఒక్కటే గీయండి. దాని కింద ప్రశ్న: "గణితం-1 లేదా గణితం-2 సెలవుల్లో నడుస్తుందా? గణితం-2కు బదులుగా అంగీకరించే కోర్సు ఏదైనా ఉందా?" పట్టికల్లో దొరకని ఇలాంటి సంగతులకే అడ్వైజర్ కావాలి.

మూడోది చిన్నదే, మరచిపోతే మాత్రం ఖరీదైనది. 16 నుంచి 4 తీసేస్తే 12 క్రెడిట్లు మిగులుతాయి. ఆమె స్కాలర్‌షిప్ షరతు 12కు తగ్గకూడదని. సరిగ్గా అంచున ఆగింది, ఇంకో కోర్సు వదలడానికి చోటు లేదు. దీని మీద అడ్వైజర్ నోటిమాట చాలదు. స్కాలర్‌షిప్ చూసే కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి, అదీ విత్‌డ్రా ఫారం ఇవ్వకముందే. అలాగే, 69 సాధ్యమా అన్నది అడ్వైజర్ చెప్పగలిగే విషయం కాదు. ఆమె జవాబు పత్రం చూసిన గణితం అధ్యాపకుడు చెప్పాలి. ఆయనను ముందు కలిసి, ఆ మాటను పేజీలో ఒక వాక్యంగా రాసుకుని వెళ్ళాలి.

సమావేశం ఎప్పుడు? తొమ్మిదో రోజున అయితే కాదు. జవాబు దొరికాక ఇంకో కార్యాలయానికి వెళ్ళవలసి రావచ్చు, ఫారం మీద సంతకం కావలసి రావచ్చు. కనీసం నాలుగు పని దినాలు మిగిలేలా అడగండి. ఖాళీ లేదంటే పేజీని ఈమెయిల్‌లో పంపి, గడువు తేదీని సబ్జెక్ట్ వరుసలోనే రాయండి. సమావేశం ముగిసిన రోజే, విన్నదాన్ని మూడు నాలుగు వాక్యాల్లో రాసి "నేను సరిగానే అర్థం చేసుకున్నానా?" అని పంపండి. తరువాత రిజిస్ట్రేషన్‌లో పేచీ వస్తే చూపడానికి అది ఉంటుంది.

అభ్యాసం: మీకు బాగా గుబులు పుట్టిస్తున్న ఒక కోర్సును తీసుకోండి. సిలబస్‌లోని శాతాలతో రెండు అంకెలు కట్టండి: పాస్ కావడానికి చివరి పరీక్షలో ఎంత కావాలి, తరువాతి కోర్సులో చేరడానికి ఎంత కావాలి. కింద గొలుసు గీసి, ప్రతి కోర్సు పక్కన అది ఏ సెమిస్టర్‌లో నడుస్తుందో రాయండి. మిగిలిన చోట ప్రశ్నలు రాయండి, మూడుకు మించకుండా. కోర్సుల పట్టికలో ఐదు నిమిషాల్లో దొరికే జవాబున్న ప్రశ్నను కొట్టేయండి.

4వ పాఠంలో, రిజిస్ట్రేషన్ తెరుచుకున్న ఉదయాన మీ ఖాతా మీద 'హోల్డ్' కనిపిస్తే ఏం చేయాలో చూద్దాం.