పీఎఫ్ చలానా కట్టే ముందు చూసుకోవాల్సినవి

ముందు మీ సంస్థలో పనిచేసేవాళ్ల తలలు లెక్కపెట్టండి. 20 మంది చేరితే పీఎఫ్ తప్పదు. కాంట్రాక్టర్ పంపినవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. తర్వాత సంఖ్య తగ్గినా బాధ్యత పోదు.

కొత్తవాళ్లు చేరిన రోజే యూఏఎన్, అంటే కార్మికుడు సంస్థ మారినా మారని పీఎఫ్ నంబరు, ఉందో లేదో అడగండి. ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ ఎలా ఉన్నాయో అలాగే ఎక్కించండి. అక్షరం తేడా ఉన్నా నెలాఖరు పని అక్కడే ఆగుతుంది.

జీతం ఇచ్చేటప్పుడే కార్మికుడి 12 శాతం పట్టుకోండి. మరిచిపోతే తర్వాతి జీతంలోంచి పట్టడానికి సాధారణంగా వీల్లేదు, ఆ భారం యజమానిదే. యజమానిగా మీరు కట్టాల్సిన మరో 12 శాతం వాటాను మాత్రం వాళ్ల జీతంలోంచి ఎప్పుడూ కోయకూడదు.

మార్చి జీతాల సొమ్ము ఏప్రిల్ 15 లోపు జమ కావాలి. ఎవరికి ఎంత జీతం, ఎంత పీఎఫ్ అని నెలనెలా చూపే ఈసీఆర్ ఫైలును పీఎఫ్ పోర్టల్‌లో 10వ తేదీకే ఎక్కించడం మేలు, తప్పులు దిద్దుకునే వ్యవధి ఉంటుంది. ఫైలు ఎక్కితే చాలదు, చలానా డబ్బు చేరినట్టు పోర్టల్‌లో కనిపించాలి.

రూ.15,000 చొప్పున 20 మంది అనుకుందాం. రెండు వాటాలు రూ.72,000, బీమా రూ.1,500, నిర్వహణ రుసుము రూ.1,500, మొత్తం రూ.75,000. రెండు నెలలు ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ రూ.1,500 పడుతుంది. 2024 జూన్ నుంచి అమలైన నెలకు 1 శాతం నష్టపరిహారం మరో రూ.1,500. నోటీసు ఏళ్ల తర్వాత వచ్చినా ఇవి వసూలవుతాయి, కాబట్టి చలానాలు పారేయకండి.

కార్మికుడి నుంచి పట్టుకుని కట్టకపోతే అది నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు.