చిన్న ఊళ్ళో కౌన్సెలింగ్ – 6వ పాఠం: ఒకే చీటీలో ఇద్దరూ ఉంటే

పోయిన పాఠంలో మూడు ప్రశ్నలు ఇచ్చాను. క్లయింటుతో మీకు ఇంకో సంబంధం కూడా ఉంటే, అందులో ఎవరిది పైచెయ్యి? అది ఎన్నాళ్ళు సాగుతుంది? ఎప్పుడు ముగుస్తుందో ఇద్దరికీ తెలుసా? అమెరికా మనస్తత్వవేత్త మైఖేల్ గాట్లీబ్ 1993లో రాసిన పద్ధతి అది. దాన్ని నమ్మి పుత్తూరు వైపు పనిచేసే ఒక కౌన్సెలరమ్మ చిక్కులో పడ్డారు. తప్పు ఆమెది కాదు, నేను ఒక ప్రశ్న వదిలేశాను. అందుకే ఈ వారం అనుకున్న పాఠం పక్కన పెడుతున్నాను.

పెళ్ళిలోనో గంగ జాతరలోనో క్లయింటు ఎదురుపడితే ఏం చేయాలని కూడా మీలో కొందరు అడిగారు. అది తేలికే. వాళ్ళు పలకరిస్తే మీరూ పలకరించండి, లేకపోతే లేదు. ఆ మాట మొదటి సిట్టింగ్‌లోనే ఇద్దరూ మాట్లాడుకోండి.

ఇక పుత్తూరు సంగతి. ఊరూ వివరాలూ మార్చే చెబుతున్నాను. వీధిలో లక్ష రూపాయల చీటీ. 20 మంది, 20 నెలలు. అందులో కౌన్సెలరమ్మ ఉన్నారు, ఆమె దగ్గరికి వచ్చే క్లయింటూ ఉంది. మూడు ప్రశ్నలూ వేసుకున్నారు. పైచెయ్యి ఎవరిదీ కాదు, గడువుంది, ముగింపు తెలుసు. సరేననుకున్నారు. ఎనిమిదో నెలలో ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది: "ఆరో నెల్లోనే పాట పాడి ఎత్తుకున్నా క్కా. ఆయన తాగుడుకే పోయింది అంతా. వచ్చే నెల నుంచి కట్టేదానికి లేదు."

కౌన్సెలరమ్మ ఇంకా చీటీ ఎత్తుకోలేదు. ఎదుటి మనిషి కష్టం వింటూనే, మనసులో తను కట్టిన ఎనిమిది నెలల డబ్బు లెక్క వేసుకున్నారు. నేను వదిలేసిన ప్రశ్న ఇదే: గదిలో వినే మాట నా జేబుకి తగులుతుందా?

అప్పుడు చేయాల్సిన మొదటి పని, ఆ సిట్టింగ్ ముగిసేలోపే చెప్పేయడం. "ఆమెకి తెలుసు కదా, నేనూ చీటీలో ఉన్నానని" అని చాలామంది ఊరుకుంటారు. ఇది వింటే నాకు కోపం వస్తుంది. ఆమెకి తెలుసు, కానీ ఏడ్చేటప్పుడు గుర్తుండదు. ఇంటికి పోయాక రాత్రి గుర్తొస్తుంది, మర్నాటి నుంచి రావడం మానేస్తుంది. కాబట్టి ఇలా చెప్పండి: "అమ్మా, ఈ చీటీలో నేనూ ఉన్నాను. నువ్వు చెప్పింది ఈ గది దాటదు. కానీ నా డబ్బు కూడా అందులో ఉంది కాబట్టి, కట్టాలా మానాలా అనేదానికి నేను సరైన మనిషిని కాను. ఆ ఒక్క విషయం ఇంకొకరితో మాట్లాడదాం."

రెండోది, విన్నదాన్ని బట్టి మీ డబ్బు కదిలించకూడదు. కూతురి కాలేజీ ఫీజుకని పన్నెండో నెలలో పాడాలని ముందే అనుకుని ఉంటే, పన్నెండో నెలలోనే పాడండి. భయపడి వచ్చే నెలే పాడితే, క్లయింటు రహస్యంతో మీ సొమ్ము కాపాడుకున్నట్టు. చీటీ నడిపే ఆమె చెవిన వేయడమూ అంతే. "జాగ్రత్తగా ఉండు" అని సగం మాట అన్నా, ఎవరి గురించో ఆమె సాయంత్రానికల్లా కనిపెట్టేస్తుంది. డబ్బు పోయేలా ఉన్నా సరే. ఇది కష్టమని నాకు తెలుసు.

మూడోది, సూపర్‌వైజర్‌తో మాట్లాడటం. పేరు చెప్పకపోతే చాలనుకోకండి. ఊరు, వీధి చీటీ, భర్త తాగుడు, ఈ మూడూ కలిపితే పేరు చెప్పినట్టే. ఊరు మార్చండి, చీటీని చేబదులు అనండి. చిక్కు అదే ఉంటుంది, మనిషి కనపడదు.

ఆ తర్వాత కేసు ఉంచుకోవాలా వద్దా? నేను చూసుకునే గుర్తు ఒకటుంది. ఆమె "ఎట్లైనా కడతా క్కా" అన్నప్పుడు మీకు హాయిగా అనిపిస్తే, ఆ హాయి ఆమె కోసం కాదు. అప్పుడు కేసు అప్పగించండి. అయితే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలేయకూడదు. ఇంకో సిట్టింగ్ కూర్చుని, ఆమె ఒప్పుకుంటే తిరుపతిలోనో చిత్తూరులోనో ఫోన్‌లో మాట్లాడే కౌన్సెలర్‌కి మీరే కలపండి. మధ్యలో రాత్రిపూట భారం ఎక్కువైతే 14416 ఉంది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

పుత్తూరు కౌన్సెలరమ్మ మూడు రోజులు ఆలస్యంగా చెప్పారు. అమ్మాయి ఆ వారం రాలేదు, పై వారం వచ్చింది.

అభ్యాసం: ఒక నెల పాటు మీరు డబ్బు ఇచ్చే, తీసుకునే ప్రతి మనిషినీ రాయండి. పాలాయన, ఇంటి ఓనరు, చీటీ, చేబదులు, ట్యూషన్ టీచరు, ఎవర్నీ వదలకండి. రేపు ఈ మనిషి మీ గదిలోకి వచ్చి కూర్చుంటే ఏ మాట వింటే మీ జేబు ఉలిక్కిపడుతుందో ఒక్కొక్కరి పక్కన రాయండి. తర్వాత, పైన చెప్పిన మాటల్ని ఆ మనిషికి తగ్గట్టు మార్చి, అద్దం ముందు పైకి అనండి. కాగితం ఇంట్లో ఎవరికీ దొరక్కుండా చించేయండి.