దుకాణం లెక్కలు – 6: నగదు చక్రం, మార్చి 31 చెప్పే అబద్ధం

పోయిన పాఠం చివర మీ దుకాణం ఉద్దెర రోజులు లెక్కేసి పంపమన్నాను. జవాబులు బాగానే వచ్చాయి, కానీ చాలావరకు ఒకే చోట బోల్తా పడ్డాయి. నర్సంపేటలో పురుగుమందుల దుకాణం నడిపే ఒకాయన రాసింది అందరి తరఫునా రాసినట్టే ఉంది: "సార్, మీరు చెప్పినట్టే చేసిన. 45 రోజులు వచ్చింది. అంటే నెలన్నరకు పైసలు తిరిగి రావాలి కదా. మరి ఆగస్టుల కంపెనీకి చెక్కు ఇయ్యాలంటే రెండు రూపాయల మిత్తికి ఎందుకు తేవాల్సి వస్తుంది?"

సరుకు షాపులో ఆగే రోజులు సరుకు రోజులు, అమ్మిన డబ్బు కొన్నవాడి దగ్గర ఆగే రోజులు ఉద్దెర రోజులు, మనం కంపెనీకి కట్టకుండా ఆగే రోజులు చెల్లింపు రోజులు. ఇవాళ ఈ మూడింటినీ కలిపి నగదు చక్రం కట్టాలి. క్యాష్ కన్వర్షన్ సైకిల్ అని బ్యాంకు వాళ్లు అడిగేది ఇదే. కలపడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ తప్పు అంకెలు కలిపితే తప్పు చక్రమే వస్తుంది కాబట్టి ముందు ఆ 45 సంగతి తేల్చుకుందాం. ఆయన లెక్కలనే, అంకెలు గుండ్రంగా చేసి, ఆయనెవరో తెలియకుండా కొంత మార్చి వాడుకుంటున్నాను.

దుకాణం ఏడాది అమ్మకాలు 1 కోటి 46 లక్షలు. 365తో భాగిస్తే రోజుకు 40,000. అమ్మిన సరుకును ఆయన కొన్న ధర 1 కోటి 27 లక్షల 75 వేలు, అంటే రోజుకు 35,000. మార్చి 31న రైతుల దగ్గర రావాల్సిన ఉద్దెర 18 లక్షలు. దాన్ని 40,000తో భాగించి 45 అన్నాడు. భాగహారంలో తప్పు లేదు. తారీఖులో ఉంది.

మార్చి 31 అంటే మన దగ్గర ఏమిటి? పత్తి ఏరడం, అమ్మడం జనవరికల్లా చాలామందికి అయిపోయింది. మిర్చి ఫిబ్రవరి నుంచే ఎనుమాముల మార్కెట్‌కు వస్తోంది. రైతు చేతిలో పైసలున్న రోజులవి, దుకాణానికి బాకీలు తీరే రోజులవి. ఏడాది మొత్తంలో ఉద్దెర దాదాపు అడుగంటే సమయంలో పుస్తకం మూసి, ఆ ఒక్క అంకెతో సంవత్సరమంతా కొలుస్తున్నాం. పాకాల చెరువును మే నెలలో చూసి ఏడాదంతా ఇన్నే నీళ్లుంటాయని రాసుకున్నట్టు ఇది. ఆడిటర్ చేసేది పన్ను కోసం మార్చి 31 లెక్క. ఆ పనికి అది సరైనదే. వానకాలం పంట మీద బతికే దుకాణం రోజులు కొలవడానికి మాత్రం పనికిరాదు.

అందుకే ఆయన్ని ప్రతి నెలాఖరు ఉద్దెర పంపమన్నాను. టాలీలో Sundry Debtors గ్రూపును నెలలవారీగా తెరిస్తే దొరుకుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా, లక్షల్లో: 16, 14, 32, 58, 78, 88, 84, 68, 52, 42, 26, 18. మొత్తం 576, పన్నెండుతో భాగిస్తే 48 లక్షలు. ఇప్పుడు 48 లక్షలను 40,000తో భాగించండి. 120 రోజులు. నెలన్నర కాదు, నాలుగు నెలలు. ఆగస్టులో చేతిలో పైసలు లేకపోవడం ఇప్పుడు వింతగా లేదు కదా.

మిగతా రెండూ ఇదే పద్ధతి. మార్చి 31 సరుకు 7 లక్షలే, 20 రోజులు. పన్నెండు నెలల సగటు 21 లక్షలు. సరుకును కొన్న ధరతోనే భాగించాలని నాలుగో పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను: 21 లక్షలు ÷ 35,000 = 60 రోజులు. కంపెనీలకు ఇవ్వాల్సింది మార్చి 31న మూడున్నర లక్షలు, అంటే 10 రోజులు. వాళ్ల వసూలు మనుషులు మార్చిలో షాపు మెట్ల మీదే కూర్చుంటారు, అందుకని అంత తక్కువ. సగటు 15 లక్షల 75 వేలు, 45 రోజులు. చెల్లింపు రోజులకు మొత్తం కొనుగోళ్లతో భాగించాలనే వాళ్లున్నారు. ఏడాది మొదట్లో, చివర్లో సరుకు దాదాపు ఒకటే అయితే తేడా రాదు. నేను ఎప్పుడూ కొన్న ధరతోనే కానిస్తాను.

ఇంకొక్క జాగ్రత్త. మీ పుస్తకంలో రైతుల బాకీ జీఎస్టీతో కలిపి ఉంటుంది, లాభనష్టాల పట్టీలో అమ్మకం జీఎస్టీ లేకుండా ఉంటుంది. పురుగుమందుల మీద 18 శాతం. అలాగే భాగిస్తే 120 కాస్తా 142 అయిపోతుంది. కంపెనీలకు ఇవ్వాల్సిన బాకీకీ ఇదే గొడవ. పై అంకెలన్నీ జీఎస్టీ తీసేసినవి.

ఇక కలుపుదాం.

```
నగదు చక్రం = సరుకు రోజులు + ఉద్దెర రోజులు − చెల్లింపు రోజులు
సగటుతో      : 60 + 120 − 45 = 135
మార్చి 31తో  : 20 + 45 − 10  = 55
```

కంపెనీకి పైసలు కట్టిన రోజు నుంచి రైతు దగ్గర అవి తిరిగి చేతికి వచ్చేదాకా సగటున 135 రోజులు. ఆ 135 రోజులకు పెట్టుబడి ఆయన సొంతమైనా కావాలి, బ్యాంకుదైనా కావాలి, మిత్తికి తెచ్చిందైనా కావాలి. ఇరుక్కున్న మొత్తం ఎంతో తెలియాలంటే 135ను దేనితోనూ గుణించొద్దు. సగటు నిల్వలనే తీసుకోండి: 21 + 48 − 15.75 = 53 లక్షల 25 వేలు. సరుకు రోజు ఒక్కోటీ 35,000, ఉద్దెర రోజు ఒక్కోటీ 40,000. రెండింటి ధర వేరు కాబట్టి చక్రం ఒక రోజు తగ్గితే ఎంత మిగులుతుందన్న ప్రశ్నకు ఎక్కడ తగ్గిందో చెప్పకుండా జవాబు లేదు.

తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ అనేది "రైతులను తొందరగా కట్టమందాం" అని. పత్తి చేతికి రాకముందు సెప్టెంబరులో రైతు ఎక్కడ తెస్తాడు? ఆ 88 లక్షల శిఖరాన్ని మీరు పెద్దగా కదపలేరు. చూడాల్సింది అడుగు. మే నెలాఖరులో 14 లక్షలున్నాయి చూడండి. పత్తి అమ్మకం అయిపోయింది, మిర్చి అమ్మకం అయిపోయింది, అయినా 14 లక్షలు మిగిలాయి. బిల్లుల తారీఖులు చూడమంటే అందులో 4 లక్షలే ఏప్రిల్, మే నెలల కొత్త ఉద్దెర అని తేలింది. మిగతా 10 లక్షలు పోయిన ఏడాదివి, అంతకుముందువి. సీజన్‌లో పెరిగి తగ్గే బాకీ కింద ఈ 10 లక్షలు పన్నెండు నెలలూ కదలకుండా ఉన్నాయి. 120 రోజుల్లో 25 రోజులు ఒక్క దీనివే.

ఆ పది లక్షల్లో ఎనిమిది వసూలైతే ఉద్దెర 100 రోజులకు, చక్రం 115కు దిగుతుంది. 20 రోజులు × 40,000 = 8 లక్షలు చేతికి వస్తాయి. ఇది ఒక్కసారి వచ్చే డబ్బు, ప్రతి ఏడాదీ రాదు. ప్రతి ఏడాదీ మిగిలేది దాని మిత్తి. బ్యాంకు ఓడీ 11 శాతం అనుకుంటే ఏడాదికి 88,000. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, కాబట్టి 1,92,000. మళ్లీ పాత బాకీలు పేరుకుంటే ఆ 8 లక్షలు ఎలా వచ్చాయో అలాగే తిరిగిపోతాయి.

ఇక్కడ ఒక మోసం ఉంది. రాని బాకీని పుస్తకంలో కొట్టేసినా ఉద్దెర రోజులు అచ్చం ఇలాగే 100కు దిగుతాయి. పైసా మాత్రం రాదు, అది నష్టం. చక్రం తగ్గిందని ఎవరైనా చూపిస్తే బ్యాంకు ఖాతా కూడా చూపించమనండి.

సరుకు వైపు ఎక్కువ చెప్పను. అమ్ముడుపోని మందు ఎక్స్‌పైరీ దగ్గర పడకముందే, కంపెనీ వాపసు తీసుకునే గడువులోనే పంపేయండి. పది రోజులు తగ్గినా మూడున్నర లక్షలు. కానీ జూన్‌లో అదను దాటుతుంటే అడిగిన మందు లేకపోతే రైతు పక్క షాపుకు పోతాడు, మందుతో పాటు ఖాతా కూడా పోతుంది.

చెల్లింపు వైపు మాత్రం ఆగి చూడాలి. కంపెనీకి 15 రోజులు ఆలస్యంగా ఇస్తే చక్రం 15 రోజులు తగ్గుతుంది, 5 లక్షల 25 వేలు మిగులుతాయి. కష్టం లేని దారి, అందుకే అందరికీ ఇష్టం. ఇప్పుడు కంపెనీ షరతు ఇలా ఉందనుకోండి: 15 రోజుల్లో కడితే 3 శాతం క్యాష్ డిస్కౌంట్, లేదంటే 60 రోజుల్లో పూర్తి బిల్లు. డిస్కౌంట్ వదులుకుంటే 97 రూపాయలను 45 రోజులు వాడుకోవడానికి 3 రూపాయలు ఇస్తున్నట్టు. 3 ÷ 97 × 365 ÷ 45, ఏడాదికి 25 శాతం. 11 శాతానికి ఓడీ దొరికేవాడు ఓడీ తీసి 15 రోజుల్లో కట్టేయాలి. చక్రం పొడుగవుతుంది, లాభం పెరుగుతుంది. రెండు రూపాయల మిత్తి తప్ప వేరే దారి లేనివాడికి రెండూ దాదాపు సమానం. అలాంటప్పుడు నేనైతే కంపెనీ గడువునే వాడుకుంటాను, బయట కొత్త అప్పు చేయను. సరుకు ఇచ్చినవాడు సూక్ష్మ, చిన్న తయారీదారుగా నమోదై ఉంటే గడువును ఇష్టమొచ్చినట్టు సాగదీయలేరు కూడా. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో.

అభ్యాసం. మీ దుకాణం సరుకు, ఉద్దెర, చెల్లింపు బాకీల పన్నెండు నెలాఖరు అంకెలు, అంటే ముప్పై ఆరు, జీఎస్టీ తీసేసి ఒక కాగితం మీద రాయండి. నెలాఖరు సరుకు లెక్క లేనివాళ్లు మొదటి సరుకుకు కొనుగోళ్లు కలిపి, అమ్మిన సరుకు కొన్న ధర తీసేసి కట్టుకోవచ్చు. రెండు చక్రాలు వేయండి, సగటుతో ఒకటి, మార్చి 31తో ఒకటి. ఉద్దెర అన్నిటికన్నా తక్కువున్న నెల పట్టుకుని, ఆ నెల బాకీలో ఆరు నెలలు దాటిన బిల్లులు ఎన్ని లక్షలో, అవి ఎన్ని రోజులకు సమానమో కింద రాయండి. మార్చి 31 అంకె ఒక్కటే పంపితే చూడను.

దుకాణం లేనివాళ్లకు ఇది. పరకాలలో ఒక హార్డ్‌వేర్ షాపు, రోజుకు అమ్మకం 25,000, కొన్న ధర 22,000. సరుకు 12 రోజులు తగ్గించడం, ఉద్దెర 11 రోజులు తగ్గించడం, రెండింట్లో ఒకటే చేయగలడు. ఏది చేస్తే ఎక్కువ నగదు చేతికి వస్తుంది, ఎంత ఎక్కువ?