సెకండ్ హ్యాండ్ బండి ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు డబ్బు ఎప్పుడు చేతులు మారాలి?

మా వీధిలో ఎవరు పాత బండి కొనాలన్నా నన్ను తోడు తీసుకెళ్తారు. పదేళ్లుగా ఇదే చూస్తున్నా. ఇంజన్ బాగోలేక మోసపోయినవాళ్లు తక్కువ, డబ్బు ముందు పంపి మోసపోయినవాళ్లే ఎక్కువ.

బండి వెతకడం తేలిక. మీ ఊళ్లో అదే మోడల్, అదే సంవత్సరం బండ్లు ఓ పది చూస్తే నడుస్తున్న రేటు తెలిసిపోతుంది. నా మాట వింటే ఆర్సీలో ఉన్న ఓనర్ దగ్గరే కొనండి, మధ్యవర్తి దగ్గర వద్దు. బండి అసలు కథ ఓనర్‌కే తెలుస్తుంది.

ఇక అడ్వాన్స్ సంగతి. యాభై వేలు పలికే బండి ఇరవై ఎనిమిది వేలకే ఇస్తానని ప్రకటన కనిపిస్తే అక్కడే ఆగండి. మా పక్కింటి కుర్రాడు ఆగలేదు. అవతలివాడు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఆర్మీ ఉద్యోగినని, జమ్మూకి ట్రాన్స్‌ఫర్ అయిందని, బండి లోపలే ఉంది కాబట్టి చూపించడం కుదరదని, ఆర్మీ పార్సిల్‌లో ఇంటికే పంపుతానని చెప్పాడు. ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, ఆర్సీ ఫొటోలు పంపాడు. గేట్ పాస్‌కి 2,150 అడిగాడు. అది పడ్డాక డెలివరీ ఛార్జీ 5,150 అన్నాడు, బండితోపాటు తిరిగి వస్తుందన్నాడు. మూడోసారి ఇంకో లెక్క చెప్పాడు. కుర్రాడు ఇప్పటికే ఏడు వేలు పోశాను కదా, ఇప్పుడు ఆపితే అవీ పోతాయన్న భయంతో మళ్లీ పంపాడు. వాళ్లు ఆడుకునేది ఆ భయంతోనే.

ఆ కార్డులు వేరే వాళ్లవి. ఎప్పుడో ఎవరో బండి అమ్మబోతూ పంపిన ఫొటోలే తిరుగుతుంటాయి. అందుకే ఫొటో కాగితం కాదు, వీడియో కాల్ కూడా బండి చూసినట్టు కాదు. బండిని చేత్తో తాకకముందు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. "ఇంకో పార్టీ వస్తున్నారు, టోకెన్ వేయండి" అంటే వాళ్లకే ఇచ్చుకోమనండి. నిజమైన ఓనర్ సాయంత్రం దాకా ఆగుతాడు, ఆగకపోతే ఇంకో బండి దొరుకుతుంది. క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ డబ్బు వెనక్కి వస్తుంది" అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొడితే మీ ఖాతాలోంచే పోతుంది. అప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి దాచకుండా ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పేమెంట్ వివరాల్లో ఉండే యూటీఆర్ నంబర్ చెప్పండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకి జారిపోకముందే ఆపించే అవకాశం ఉంటుంది.

బండి దగ్గరికి పగలే వెళ్లండి. ముందు mParivahan యాప్‌లో నంబర్ కొట్టండి. ఓనర్ పేరులో కొన్ని అక్షరాల చోట చుక్కలుంటాయి, కనిపించే అక్షరాలు ఆర్సీలోని పేరుతో కలవాలి. తర్వాత ఛాసిస్ నంబర్. చాలా బైకులకు అది హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద ఉంటుంది. కిరసనాయిల్ గుడ్డతో మట్టి తుడిచి, ఆర్సీ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చదవండి. ఒక అంకె లోతుగా, పక్కది పైపైన ఉన్నా, అక్కడ గీకిన గుర్తులున్నా బేరం వదిలేయండి. ట్రాఫిక్ చలాన్లు కూడా ఆ యాప్‌లోనే చూసి, ఆ మొత్తం రేటులో తగ్గించుకోండి.

ఫైనాన్స్ బండైతే జాగ్రత్త. లోన్ కట్టేశానని నోటిమాట చెబితే చాలదు, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఆర్సీలో లోన్ తీసేయడానికి వాళ్ల సంతకమున్న ఫారం 35 చేతికి రావాలి. మొన్న మా మరిది 52,000కి కొన్న బండి మీద 18,000 బాకీ ఉంది. ఓనర్‌తో కలిసి ఫైనాన్స్ ఆఫీసుకే వెళ్లి ఆ 18,000 నేరుగా లోన్ ఖాతాకి కట్టించి రసీదు తీసుకున్నాం. మిగతా 34,000లో 24,000 బండి తాళాలు, ఒరిజినల్ ఆర్సీ, పేరు మార్పుకి సంతకాలు పెట్టిన ఫారం 29, 30 చేతిలో పడ్డాక ఇచ్చాం. ఆఖరి పది వేలు ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చిన రోజు ఇచ్చాం. ఓనర్‌ని ఇందుకు ఒప్పించడానికి అరగంట పట్టింది, అయినా ఒప్పుకున్నాడు.

యూపీఐలో పంపేటప్పుడు పైన కనిపించే పేరు ఆర్సీ పేరే అయ్యుండాలి. "మా బావమరిది నంబర్‌కి వేయండి" అంటే వేయొద్దు.

ఇంటికొచ్చాక కాగితాలు బీరువాలో పెట్టి మరిచిపోతారు చాలామంది. పేరు మార్పుకి 30 రోజుల్లోపు ఆర్టీఏలో పెట్టేయండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని కంపెనీకి 14 రోజుల్లోనే రాయాలి, కాబట్టి ముందు ఆ పని చూసుకోండి.