ఎండలు ముదరకముందే శోభి మచ్చల సంగతి, ముఖ్యంగా ఆ ట్యూబు సంగతి

పోయిన ఆదివారం పాతపట్నం నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఇరవై ఏళ్లు, ఆర్మీ సెలక్షన్ల కోసం పొద్దునా సాయంత్రం పరిగెడుతున్నాడు. చొక్కా విప్పి "మావయ్యా, ఇవేంటి చూడు" అని చెయ్యి పైకెత్తాడు. రెండు చంకల్లోనూ వేలెడు పొడుగు ఎర్రటి చారలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ల పొట్టమీద వచ్చేలాంటివి. వీపు నిండా శోభి మచ్చలు, సంక్రాంతికి నేను చూసినప్పటి కంటే రెట్టింపు. ఏం రాస్తున్నావురా అంటే జేబులోంచి సగం పిండిన ట్యూబు తీశాడు. మూడు నెలల్లో అది ఐదోదట. బరంపురంలో చర్మం డాక్టరుకి చూపిస్తే ఆయన చారల మీద వేలు పెట్టి, ఈ ఎరుపు తగ్గి తెల్లబడతాయి గానీ పూర్తిగా పోవు అని చెప్పేశాడు.

నేను పర్లాకిమిడిలో పదకొండేళ్లు మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. అలాంటి ట్యూబులు నా చేత్తో ఎన్ని అమ్మానో లెక్కలేదు. అందుకే ఇది రాస్తున్నా.

శోభి అంటే అందరికీ తెలిసిందే. ఒడియావాళ్లు ఛఉ అంటారు. ఛాతీ, వీపు, మెడ, భుజాల మీద తెల్లగానో గోధుమరంగులోనో మచ్చలు. మలసీజియా అనే ఫంగస్ వల్ల వస్తుంది. అది బయటినుంచి అంటుకునేది కాదు, మీ ఒంటిమీదా నా ఒంటిమీదా ఎప్పుడూ ఉండేదే, చర్మంలో ఊరే జిడ్డు తిని బతుకుతుంది. చెమట, ఉక్క ఎక్కువైనప్పుడు రూపం మార్చుకుని విజృంభిస్తుంది. కాబట్టి ఒకసారి తగ్గాక మళ్లీ రావడం మందు లోపం కాదు, దాని స్వభావమే అంత. ఇంట్లో ఒకరికుంటే వాళ్ల కంచం వేరు చెయ్యడం, పక్క వేరు చెయ్యడం అనవసరం.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. ఫంగస్ చచ్చిపోయినా తెల్ల మచ్చ వెంటనే పోదు. ఫంగస్ ఉన్నంతకాలం ఆ చోట రంగు తయారవడం కుంటుపడుతుంది, అది మళ్లీ మామూలు రంగుకి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. మన నల్లటి ఒళ్లమీద ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎండలో చుట్టూ చర్మం నల్లబడేకొద్దీ మరీను. మా వాడికి జరిగింది ఇదే. మొదట షాంపూ వాడాడు, నిజానికి అప్పుడే చాలావరకు తగ్గిపోయింది, దురద లేదు, కంటికి కనిపించే చోట పొట్టు లేదు. కానీ పదిహేను రోజులైనా తెల్లగానే ఉందని, మందు పనిచెయ్యలేదనుకుని షాపుకెళ్లి "ఇంకా స్ట్రాంగ్‌ది ఇవ్వండి" అన్నాడు. ఆ మాటకి కౌంటర్ మీదికి వచ్చేది స్టిరాయిడ్ కలిపిన ట్యూబే. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, స్టిరాయిడ్ మూడూ ఒకే గొట్టంలో. రెండ్రోజుల్లో ఎరుపూ దురదా పోతాయి కాబట్టి పనిచేసినట్టే ఉంటుంది. లోపల చర్మం తన రక్షణ వదిలేస్తుంది, ఫంగస్ తీరుబడిగా పాకుతుంది, చర్మం పల్చబడి చంకల్లో గజ్జల్లో చీలికలు పడతాయి. పైగా స్టిరాయిడే కొందరికి చర్మాన్ని తెల్లబరుస్తుంది, అంటే పోగొట్టుకోవాలనుకున్న మచ్చకి తోడు కొత్త మచ్చ.

రంగు చూసి మందు కొనకండి. పొట్టు చూడండి. మంచి వెలుతురులో మచ్చ దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి, గోటితో మెల్లగా గీరండి. తవుడులాంటి సన్నటి పొట్టు లేస్తే ఫంగస్ ఇంకా ఉంది, మందు కావాలి. ఎంత గీరినా నున్నగా ఉంటే చాలావరకు అది అయిపోయిన మచ్చ, కావలసింది ఓపిక. స్నానం చేసిన వెంటనే చూడకండి, పొట్టు కొట్టుకుపోయి ఉంటుంది.

ఇక మందు వాడే పద్ధతి. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ తలకే అనుకుంటారు, శోభికి అది ఒంటికి వాడతారు. ఒళ్లు తడిపి, మెడ నుంచి నడుము దాకా, భుజాలు, మోచేతుల పైదాకా రాయాలి. మచ్చల మీద చుక్కలు పెట్టినట్టు కాదు, ఎందుకంటే కంటికి కనపడని చోట కూడా ఫంగస్ ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి కడిగెయ్యాలి. వీపు మధ్యకి మీ చెయ్యి అందదు, ఇంట్లో ఎవరినైనా పిలవండి, మా వాడికి మిగిలిపోయింది సరిగ్గా అక్కడే. ఇలా వరసగా ఐదు రోజులు. ప్రతి ఏడూ వచ్చేవాళ్లు మచ్చలు కనిపించేదాకా ఆగకుండా ఎండలు మొదలయ్యేముందే మూడు రోజులు వాడి, ఉక్క తగ్గేదాకా నెలకి ఒకటి రెండుసార్లు వాడుకుంటే చాలామందికి అదుపులో ఉంటుంది. ఒళ్లంతా పాకినా, మూడు నాలుగు వారాలకే మళ్లీ వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇట్రాకోనజోల్ లాంటి మాత్రలు ఆయన చూసి రాయాల్సినవి. గర్భిణులు షాంపూకైనా ముందు అడగాలి.

మిగతావి వరసగా చెప్పేస్తా.

పరుగు అయ్యాక తడి బనీనుతో అరుగుమీద కబుర్లు చెప్పుకోకండి. విప్పండి, తుడుచుకోండి, స్నానం చెయ్యండి. ఉతకని బనీను మర్నాడు వెయ్యకండి.

ఒంటికి కొబ్బరినూనె, ఆవనూనె పట్టించడం ఈ నాలుగు నెలలూ మానండి, ఆ ఫంగస్ తినేదే జిడ్డు.

నిమ్మచెక్కతో రుద్ది ఎండలోకి వెళ్లకండి, బొబ్బలెక్కుతుంది. బ్లీచింగ్ పౌడర్ జోలికి అసలు పోకండి.

తామరకి పక్కింటాయన వాడిన టెర్బినాఫిన్ మాత్రలు అడిగి తెచ్చుకోకండి. శోభికి అవి మింగినా పనిచెయ్యవు.

కీటోకోనజోల్ మాత్రలు ఎవరైనా ఇస్తే వద్దనండి. షాంపూ వేరు, మాత్ర వేరు. మాత్ర కాలేయాన్ని దెబ్బతీయగలదు.

తెల్లమచ్చ మీద స్పర్శ లేకపోతే, సూదిమొన తగిలించినా తెలియకపోతే, అది శోభి కాదు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, కుష్ఠు అయితే మందు ఉచితంగా ఇస్తారు, తగ్గుతుంది. సిగ్గుపడి దాచకండి.

ట్యూబు కొనేముందు పెట్టె తిప్పి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, వీటిలో ఒక్క పేరున్నా శోభికి వద్దు. పేరు చదవలేకపోతే చిన్న అక్షరాల్లో మూడు నాలుగు మందులు కనిపిస్తే చాలు, పక్కన పెట్టండి. షాపతను "అందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అంటాడు. నేనూ అదే అనేవాణ్ణి.

ఇప్పటికే నెలల తరబడి అలాంటిది రాస్తున్నవాళ్లు రేపే ఆపేసి ఇంట్లో కూర్చోకండి, ఒక్కసారిగా మండిపోవచ్చు. ట్యూబు జేబులో పెట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించండి, ఎన్ని రోజులు రాశారో నిజం చెప్పండి. మా వాడు ఆయనకి రెండు ట్యూబులని చెప్పాడు. ఐదని చెప్పింది నేను.