టాక్స్ ఆడిట్: 5 శాతం లెక్క

మా హార్డ్‌వేర్ షాపు అమ్మకాలు 2024-25లో 3.4 కోట్లు. అమ్మకాలు కోటి దాటితే సాధారణంగా టాక్స్ ఆడిట్, అంటే సీఏతో ఖాతాల తనిఖీ, చేయించాలి. అయితే వచ్చిన మొత్తంలో నగదు 5 శాతం, చెల్లించిన మొత్తంలోనూ నగదు 5 శాతం దాటకపోతే ఆ పరిమితి 10 కోట్లు. ఈ రెండూ విడివిడిగా చూస్తారు, అసలు తిరకాసు ఇక్కడే. మాకు అమ్మకాల డబ్బు దాదాపు అంతా యూపీఐలోనే వచ్చింది. చెల్లింపులు 3.2 కోట్లు, అందులో 5 శాతమంటే 16 లక్షలు. హమాలీ కూలీ, చిన్న సరుకు కొనుగోళ్లకు నగదుగా ఇచ్చింది 22 లక్షలు. దాంతో ఆడిట్ చేయించాం.

ఆడిటర్ తన నివేదికతో పాటు ఇచ్చే వివరాల పత్రం ఫారం 3CDలో లాభనష్టాలే కాదు, ఒకే రోజు ఒకరికి 10,000 దాటి ఇచ్చిన నగదు, 20,000 లేదా ఆపైన తీసుకున్న నగదు అప్పులు, టీడీఎస్ కోతలు కూడా రాశారు. ఇప్పుడు హమాలీ మేస్త్రికి కూడా బ్యాంకు ద్వారానే చెల్లిస్తున్నాం. నగదు ఖాతాను నెలనెలా కూడి చూసుకుంటున్నాం.